రక్తపింజరి, రెండు పరీక్షలు

దివిసీమ పొలాల్లో పాము కరిచిన మనిషిని ఆస్పత్రికి తెస్తే, డాక్టరు ముందుగా అడిగేవాటిలో ఒక గాజు గొట్టం ఉంటుంది. అది కొత్తదై ఉండాలి, పొడిగా ఉండాలి, ఎప్పుడూ సబ్బు తగిలి ఉండకూడదు. అందులో రెండు మిల్లీలీటర్ల రక్తం పోసి 20 నిమిషాలు కదపకుండా నిలబెడతారు. తర్వాత ఒక్కసారి వంచి చూస్తారు. రక్తం గడ్డకట్టి అడుగునే నిలిస్తే కొంత ఊపిరి పీల్చుకోవచ్చు. నీళ్లలా జారి అంచుకు వచ్చిందంటే మాత్రం కరిచింది రక్తపింజరేనన్న అనుమానం బలపడుతుంది, విరుగుడు ఇంజెక్షన్లు మొదలవుతాయి.

2018 ఆగస్టులో అవనిగడ్డ చుట్టుపక్కల వరసగా పాముకాట్లు పడినప్పుడు కృష్ణా జిల్లా అంతా హడలిపోయింది. మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరస్వామి ఆలయంలో సర్పశాంతి యాగం కూడా జరిగింది. ఆ భయంలో అర్థముంది. నాట్లకూ కోతలకూ వంగి పనిచేసేవాళ్ల కాళ్ల దగ్గరే ఈ పాము తిరుగుతుంది. అయితే ఇదే పాము విషం, రక్తం ఎలా గడ్డకడుతుందో తేల్చడానికి ప్రపంచంలోని ప్రయోగశాలలకు ఎంతో ఉపయోగపడింది. ఇవాళ విజయవాడలో ఏ ల్యాబులోనైనా రాసిచ్చే పీటీ, ఏపీటీటీ అంకెల అర్థం తేలడంలో దానికీ వాటా ఉంది. ఆ కథ తెలుగు నేల మీదే మొదలైంది.

1780లలో పాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లాండు వైద్యుడు విశాఖపట్నంలో ఉండేవాడు. అంతకుముందు సిరియాలోని అలెప్పోలో వైద్యం చేసినవాడు. ఇక్కడికొచ్చాక ఈస్టిండియా కంపెనీ తరఫున మొక్కలనూ జంతువులనూ పరిశీలించే ఉద్యోగం చేశాడు. ఏ పాము విషపుదో, ఏది కాదో జనానికి తెలియజెప్పాలన్నది అతని పట్టుదల. కోరమాండల్ తీరంలో దొరికిన పాములను పట్టించి, బొమ్మలు గీయించి, స్థానికులు పిలిచే పేర్లతో సహా 1796లో లండన్‌లో పెద్ద పుస్తకం అచ్చువేయించాడు. అందులో ఒక పాముకు రాసిన పేరు ‘కాటుక రేకుల పొడ’. మరుసటి ఏడే జార్జ్ షా దానికి రస్సెల్ పేరు కలిపి శాస్త్రీయ నామం పెట్టాడు. అప్పటినుంచి ప్రపంచానికి అది రస్సెల్స్ వైపర్, మనకు రక్తపింజరి.

తర్వాత శతాబ్దానికి పైగా ఈ విషాన్ని చంపే పదార్థంగానే చూశారు. 1934లో లండన్‌లో గ్విన్ మాక్‌ఫర్లేన్ అనే యువ వైద్యుడు, లండన్ జూలో సరీసృపాల విభాగం చూసే బర్గెస్ బార్నెట్‌తో కలిసి రకరకాల పాము విషాలను రక్తంలో కలిపి చూశాడు. హీమోఫిలియా ఉన్నవాళ్లకు పన్ను పీకితే రోజుల తరబడి రక్తం కారేది, ఆపే మందు లేదు. వాళ్ల రక్తాన్ని గడ్డకట్టించగలదేమిటన్నది అతని వెతుకులాట. రక్తపింజరి విషాన్ని పదివేల వంతుల నీటిలో ఒక వంతుగా పలచన చేసి కలిపినా హీమోఫిలియా రక్తం సెకన్లలో గడ్డకట్టింది. పన్ను ఊడిన గుంటలో ఆ ద్రావణంలో ముంచిన దూది పెడితే రక్తం ఆగింది. తర్వాత అది స్టిప్‌వెన్ అనే పేరుతో మందుగా అమ్ముడైంది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. గొట్టంలో రక్తాన్ని సెకన్లలో గడ్డకట్టించే విషం, అవనిగడ్డ మనిషి ఒంట్లోకి ఎక్కితే రక్తం అసలు గడ్డకట్టకుండా ఎలా చేస్తుంది? దీనికి జవాబు దొరకాలంటే ముందు రెండు పరీక్షలు పుట్టాలి.

మొదటిది అమెరికాలో ఆర్మండ్ క్విక్ 1935లో ప్రకటించాడు. రక్తంలోంచి కాల్షియాన్ని పట్టేసే రసాయనం కలిపితే రక్తం గడ్డకట్టదు. అలా ఆపిన రక్తంలోంచి ప్లాస్మా తీసి, అందులో కుందేలు మెదడు నుంచి చేసిన సారం వేసి, తిరిగి కాల్షియం అందించి గడియారం చూడటమే అతని పద్ధతి. ఆరోగ్యవంతుడి ప్లాస్మా 12 సెకన్ల ప్రాంతంలో గడ్డకడుతుంది. మెదడు సారంలో ఉన్నది థ్రాంబోప్లాస్టిన్. చర్మం తెగినప్పుడు కండలోంచి రక్తానికి తగిలే పదార్థం అదే. అంటే గాయాన్ని గొట్టంలో నకలు చేశాడన్నమాట. తను కొలుస్తున్నది ప్రోత్రాంబిన్‌నే అనుకుని ప్రోత్రాంబిన్ టైమ్ అన్నాడు, అదే పీటీ. నిజానికి ఆ సెకన్లలో పనిచేసేది ప్రోత్రాంబిన్ ఒక్కటే కాదని తర్వాత తెలిసింది, కానీ పేరు అలాగే ఉండిపోయింది.

క్విక్ తన పరీక్షను కామెర్లవాళ్ల రక్తం మీదా, హీమోఫిలియా రక్తం మీదా చేశాడు. పిత్తనాళం మూసుకుపోయి కామెర్లు వచ్చినవాళ్లలో సమయం పెరిగింది. హీమోఫిలియాలో మాత్రం మామూలుగానే వచ్చింది. కీళ్లలోకి రక్తం ఊరి కుంటివాళ్లయిపోయే పిల్లల రక్తం ఈ పరీక్షలో దివ్యంగా గడ్డకట్టింది. పద్ధెనిమిదేళ్లపాటు ఆ జబ్బును పట్టే తేలికైన పరీక్ష చేతికి రాలేదు.

1953లో నార్త్ కరోలినాలో లాంగ్‌డెల్, వాగ్నర్, బ్రింక్‌హౌస్ ఒక తేడా పట్టారు. మెదడు సారంలో రెండు భాగాలుంటాయి, ప్రోటీను ఒకటి, కొవ్వు ఒకటి. రెండూ ఉన్న పూర్తి సారం వేస్తే హీమోఫిలియా ప్లాస్మా మామూలుగానే గడ్డకట్టింది. ప్రోటీను తీసేసి కొవ్వు మాత్రమే వేస్తే గడ్డకట్టడానికి చాలాసేపు పట్టింది. సగం సారమే కాబట్టి దాన్ని పార్షియల్ థ్రాంబోప్లాస్టిన్ అన్నారు. క్విక్ పరీక్షలో గాయం పదార్థం ఎంత దండిగా ఉండేదంటే, హీమోఫిలియాలో లోపించిన పదార్థం అవసరమే పడేది కాదు. గాయం పదార్థం లేకపోతే రక్తం తన సొంత సరుకుతో మొదటినుంచీ పని చేసుకోవాలి, లోపం అప్పుడు బయటపడుతుంది.

ఆ పరీక్షకూ ఒక లోపం ఉండేది. గాజు తగిలితే రక్తంలో ఒక చర్య మొదలవుతుంది. ఒక్కో గొట్టం ఒక్కోలా తగలడంతో అంకెలు ఒకదానితో ఒకటి కలిసేవి కావు. 1961లో ప్రాక్టర్, రాపాపోర్ట్ కయోలిన్ అనే తెల్లమట్టి పొడి కలిపి, కొన్ని నిమిషాలు ఆగి, ఆ తర్వాతే కాల్షియం వేశారు. గాజు చేసే పనిని మట్టి రేణువులు నిండుగా, అందరికీ ఒకేలా చేసిపెట్టాయి. ఇలా ముందే రేపి చేసే పరీక్ష కాబట్టి యాక్టివేటెడ్ అన్న మాట చేరింది. అదే ఏపీటీటీ. మామూలు మనిషిలో 25 నుంచి 35 సెకన్లు. అవనిగడ్డలో గాజు గొట్టమే కావాలని పట్టుబట్టేది కూడా ఇందుకే. ప్లాస్టిక్ గొట్టానికి రక్తాన్ని రేపే గుణం లేదు. సబ్బు పొర అంటిన గాజుకూ ఉండదు. అలాంటి గొట్టంలో పోస్తే బాగున్న మనిషి రక్తం కూడా 20 నిమిషాలకు జారవచ్చు, కారణం లేకుండా విరుగుడు ఎక్కవచ్చు.

ఇక మన పాము మళ్లీ కథలోకొస్తుంది. 1950ల నాటికి పీటీ పెరిగిన కొన్ని కుటుంబాలను ఫ్యాక్టర్ 7 లోపం అనే ఒకే గంపలో వేసేవారు. వాళ్లలో నార్త్ కరోలినాకు చెందిన స్టువర్ట్ అనే ఇంటిపేరు గల కుటుంబం ఒకటి. 1957లో హౌగీ, బారో, గ్రాహం ఆ కుటుంబపు ప్లాస్మాను మళ్లీ పరీక్షించారు. అసలైన ఫ్యాక్టర్ 7 లోపమున్నవాళ్ల ప్లాస్మాలో రక్తపింజరి విషం వేస్తే టక్కున గడ్డకడుతుంది. స్టువర్ట్ ప్లాస్మా కట్టలేదు. రెండు ప్లాస్మాలనూ కలిపితే ఒకదాని లోటు మరొకటి తీర్చుకుంది. అంటే రెండింటిలో లోపించినవి వేర్వేరు పదార్థాలు. అలా తేలినదే ఫ్యాక్టర్ 10. అంతకు ఏడాది ముందు లండన్‌లో ప్రోవర్ అనే మరో రోగిలోనూ ఇదే లోపం కనిపించడంతో దాన్ని స్టువర్ట్-ప్రోవర్ ఫ్యాక్టర్ అన్నారు.

రక్తపింజరి విషంలోని ఒక ఎంజైము సూటిగా ఫ్యాక్టర్ 10నే రేపుతుంది, ఇంకొకటి ఫ్యాక్టర్ 5ను. గాయమూ అక్కర్లేదు, గాజూ అక్కర్లేదు. మాక్‌ఫర్లేన్ చూసిన వింతకు జవాబు ఇదే. హీమోఫిలియాలో లోపించిన ఫ్యాక్టర్ 8 గానీ 9 గానీ ఫ్యాక్టర్ 10 కంటే పైన ఉంటాయి. విషం వాటిని దాటేసి కిందనుంచే పని మొదలుపెడుతుంది. 1964లో అదే మాక్‌ఫర్లేన్ ఒకవైపు, అమెరికాలో డేవీ, రాట్నాఫ్ మరోవైపు, మొత్తం వరసను మెట్లుగా గీసి చూపించారు.

డెల్టాలో పుట్టిన మనకు ఆ బొమ్మ సులువుగానే అర్థమవుతుంది. రెండు పిల్లకాలువలు ఒక లాకు దగ్గర కలిసి, అక్కణ్నుంచి ఒకే కాలువగా పొలానికి పోతాయనుకోండి. ఒక పిల్లకాలువ గాయం వైపు నుంచి వచ్చే బాహ్య మార్గం. అందులో ప్రత్యేకంగా ఉన్నది ఫ్యాక్టర్ 7. పీటీ ఆ దారిన వచ్చి చూస్తుంది. రెండోది రక్తంలోనే మొదలయ్యే అంతర్మార్గం. అందులో 12, 11, 9, 8 ఉంటాయి. ఏపీటీటీ ఆ దారిన వస్తుంది. కలిసే లాకు ఫ్యాక్టర్ 10. ఆ దిగువన 5, ప్రోత్రాంబిన్, చివర ఫైబ్రినోజెన్ ఉంటాయి. ఇది ఉమ్మడి మార్గం, రెండు పరీక్షలూ దీన్ని దాటాల్సిందే. రక్తపింజరి విషం తెరిచేది సరిగ్గా ఆ లాకునే.

కాబట్టి రిపోర్టు చదివేటప్పుడు ముందు చూడాల్సింది ఏది పెరిగింది, ఏది పెరగలేదు అన్నది. పీటీ ఒక్కటే పెరిగితే చూపు ఫ్యాక్టర్ 7 వైపు పోవాలి. పుట్టుకతో అది లోపించినవాళ్లు చాలా అరుదు. ఎక్కువగా కనిపించేది వార్ఫరిన్, ఎసినోకుమరాల్ వంటి మాత్రలు మొదలుపెట్టినవాళ్లలో, విటమిన్ కె లోపంలో, కాలేయం దెబ్బతినడం మొదలైనప్పుడు. కాలేయం విటమిన్ కె సాయంతో తయారుచేసే ఫ్యాక్టర్లలో 7 కొన్ని గంటలకే అరిగిపోతుంది కాబట్టి తయారీ తగ్గితే మొదట పడిపోయేది అదే. లోపం ముదిరితే 10, ప్రోత్రాంబిన్ కూడా తగ్గి ఏపీటీటీ సైతం పెరుగుతుంది.

ఏపీటీటీ ఒక్కటే పెరిగితే కథ ఇంకాస్త క్లిష్టం. మోకాలు వాచిన మగపిల్లాడిలో అయితే హీమోఫిలియా గుర్తుకు రావాలి. ఫ్యాక్టర్ 12 లేనివాళ్లలో ఏపీటీటీ విపరీతంగా పెరుగుతుంది, కానీ రక్తస్రావం ఉండదు. 1955లో రాట్నాఫ్ వర్ణించిన హేగ్‌మన్ అనే రైల్వే ఉద్యోగి అలాంటివాడే, ఆపరేషన్‌కు ముందు చేసిన పరీక్షలో బయటపడ్డాడు. అంటే గొట్టంలో కనిపించే ఆలస్యం ఒంట్లో ప్రతిసారీ ఉండదు. ఇక్కడ ల్యాబు చేసే మంచి పని, రోగి ప్లాస్మానూ ఆరోగ్యవంతుడి ప్లాస్మానూ సగం సగం కలిపి మళ్లీ పరీక్షించడం. సమయం మామూలుకు వస్తే ఏదో ఫ్యాక్టర్ లోపించింది, మంచి ప్లాస్మా దాన్ని పూడ్చింది. రాకపోతే రక్తంలో ఏదో అడ్డుకుంటోంది. అది హెపారిన్ కావచ్చు, ఒంట్లో పుట్టిన యాంటీబాడీ కావచ్చు. లూపస్ యాంటీకోయాగులెంట్ అనే యాంటీబాడీ ఏపీటీటీని పెంచినా రక్తస్రావం చేయదు, ఉల్టాగా రక్తనాళాల్లో గడ్డలు కట్టిస్తుంది, గర్భాలు నిలవనివ్వదు. దాన్ని పట్టడానికి 1986లో త్యాగరాజన్, షపీరో బృందం రూపొందించిన పరీక్షలో వాడేది మళ్లీ రక్తపింజరి విషమే, బాగా పలచన చేసి.

రెండూ పెరిగితే లోపం ఉమ్మడి మార్గంలో ఉందని గానీ, అన్నిచోట్లా ఒకేసారి ఉందని గానీ అర్థం. ముదిరిన కాలేయ వ్యాధి, ఒళ్లంతా రక్తం గడ్డకడుతూ సరుకు ఖర్చయిపోయే స్థితి, పింజరి కాటు ఈ కోవలోవి.

పింజరి కాటు ఎలా నడుస్తుందో ఒక మనిషి ద్వారా చూద్దాం. ఈ మనిషి కల్పితం, అంకెలు మాత్రం ఇలాంటి కేసుల్లో తరచు కనిపించే తరహావి. కార్తీకంలో కోతకు వంగిన కూలీకి ఉదయం ఏడింటికి చీలమండ దగ్గర కాటు పడింది. రెండు గంటల్లో కాలు వాచి, చిగుళ్లలోంచి రక్తం ఊరుతోంది. గాజు గొట్టంలో రక్తం జారింది. విజయవాడ ల్యాబులో పీటీ 120 సెకన్లు దాటినా గడ్డ లేదు, ఏపీటీటీ 180 దాటినా లేదు, యంత్రం ఆగిపోయింది. ఫైబ్రినోజెన్ కొలతకు అందలేదు. డీ-డైమర్, అంటే గడ్డలు కట్టి కరిగిన చెత్త, ఆకాశాన్నంటింది. మొదటి చిక్కుకు జవాబు ఈ చివరి అంకెలో ఉంది. విషం రక్తాన్ని గడ్డకట్టకుండా ఆపలేదు. లాకు తెరిచి పెట్టి, ఒళ్లంతా సన్నటి గడ్డలు కట్టించి, ఉన్న ఫైబ్రినోజెన్ అంతా ఖర్చు చేయించింది. గొట్టంలోకి వచ్చేసరికి గడ్డకట్టడానికి సరుకే మిగల్లేదు. మాక్‌ఫర్లేన్ దూది మీదా, ఈ కూలీ ఒంట్లోనూ ఉన్న విషం ఒకటే, చూసే వేళ మాత్రం వేరు.

పది వయల్స్ విరుగుడు ఎక్కించారు. బంధువులు గంటకోసారి అడుగుతారు, ఇంకా గడ్డకట్టట్లేదేమని. విరుగుడు విషాన్ని పట్టుకుంటుందేగానీ ఫైబ్రినోజెన్‌ను తయారుచేయదు. ఆ పని కాలేయానిది, దానికి గంటలు పడుతుంది. అందుకే మళ్లీ గొట్టం పరీక్ష ఆరు గంటలకు చేస్తారు. అప్పటికీ రక్తం జారితే ఇంకో మోతాదు ఇస్తారు. ఈ మనిషికి రెండోసారి ఇచ్చాక, కాటు పడ్డ పన్నెండు గంటలకు పీటీ 38, ఏపీటీటీ 70కి దిగాయి. మర్నాడు పీటీ 16కు, ఏపీటీటీ 37కు వచ్చింది. విరుగుడు ఇవ్వకుండా ముందే ప్లాస్మా ఎక్కిస్తే ఆ సరుకునూ విషమే తినేస్తుంది. మరో సంగతి మరవకూడదు. కట్లపాము, నాగుపాము కాటులో ఈ పరీక్షలు మామూలుగానే ఉంటాయి. ఆ విషం నరాల మీద పడుతుంది. కనురెప్పలు వాలుతున్న మనిషికి పీటీ బాగుందని ధైర్యం చెప్పకూడదు.

నమూనా విషయంలోనూ తప్పులు జరుగుతాయి. నీలిమూత గొట్టంలో తొమ్మిది వంతుల రక్తానికి ఒక వంతు సిట్రేట్ ఉంటుంది. గొట్టం గీతదాకా నిండకపోతే సిట్రేట్ ఎక్కువై, వేసిన కాల్షియాన్నే పట్టేసి, పీటీ, ఏపీటీటీ రెండూ అబద్ధంగా పెరుగుతాయి. ఏపీటీటీ నమూనాకు నాలుగు గంటల గడువు. దివిసీమ నుంచి ఎండలో బస్సెక్కి వచ్చిన గొట్టంలో ఫ్యాక్టర్ 8 తరిగిపోయి, లేని రోగం కనిపించవచ్చు.

రిపోర్టులో పీటీ పక్కన రాసే ఐఎన్‌ఆర్ చివరగా వచ్చింది. క్విక్ పీటీని ఒక్కో కంపెనీ ఒక్కో మెదడు సారంతో చేసేది. వార్ఫరిన్ వాడే మనిషికి మాంచెస్టర్‌లో వచ్చిన నిష్పత్తి, న్యూయార్క్‌లో వచ్చిన నిష్పత్తి ఒకేలా ఉండేవి కావు. మందకొడి సారం వాడే దేశాల్లో, అదే నిష్పత్తి రావాలని డాక్టర్లు మాత్రల మోతాదు పెంచేవారు, రోగులకు రక్తస్రావం అయ్యేది. మాంచెస్టర్‌లో లియాన్ పోలర్ ఒక ప్రామాణిక సారం కోసం ఏళ్లపాటు పోరాడాడు. కిర్క్‌వుడ్ లెక్క కట్టిచ్చాడు. 1983లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదించింది. లెక్క ఇది:

INR = (PT రోగి ÷ PT సగటు)^ISI

ఐఎస్ఐ అంటే ఆ సారానికి ఉన్న చురుకుదనం సూచిక, రియేజెంట్ పెట్టె మీద అచ్చు వేసి ఉంటుంది. గుండె వాల్వు మార్పించుకున్న గుడివాడ మనిషిని తీసుకోండి. చురుకైన సారం వాడే ల్యాబులో పీటీ 30 సెకన్లు, సగటు 12. నిష్పత్తి 2.5, ఐఎస్ఐ 1 కాబట్టి ఐఎన్‌ఆర్ 2.5. అదే రక్తాన్ని ఐఎస్ఐ 2 ఉన్న సారంతో చేస్తే 19 సెకన్లే వస్తుంది. నిష్పత్తి 1.58. దాన్ని దానితోనే హెచ్చిస్తే మళ్లీ 2.5. సెకన్లలో అంత తేడా ఉన్నా మోతాదు మార్చాల్సిన పని లేదు. లోహపు మైట్రల్ వాల్వు ఉన్నవాళ్లకు సాధారణంగా 2.5 నుంచి 3.5 మధ్య, గుండె లయ తప్పడం వల్ల మాత్రలు వాడేవాళ్లకు 2 నుంచి 3 మధ్య ఉంచుతారు.

ఈ లెక్క వార్ఫరిన్ తరహా మాత్రలు వాడుతున్నవాళ్ల ప్లాస్మాతో సరిచూసి కట్టింది. ఆ మనుషుల్లో తగ్గేవి విటమిన్ కె ఫ్యాక్టర్లే, ఫైబ్రినోజెన్ కాదు. పింజరి కరిచిన మనిషి రిపోర్టులో ఐఎన్‌ఆర్ 10 దాటిందని రాసి ఉంటే అది గడ్డకట్టలేదన్న మాటకు మించి ఏమీ చెప్పదు. 10 నుంచి 8కి దిగిందని బంధువులు సంబరపడటానికో, ఇంకో ల్యాబులో 12 వచ్చిందని బెంగపడటానికో అందులో ఆధారం లేదు. ఆ మంచం పక్కన చూడాల్సింది సెకన్లు, ఫైబ్రినోజెన్, ఆరు గంటలకోసారి వంచే గాజు గొట్టం.